చక్రవడ్డీ యానిమేషన్‌కు స్క్రిప్టు: మంచుబంతి వద్దు, గొర్రెల మంద చాలు

ప్రశ్న: అనంతపురం దగ్గర పొదుపు సంఘాల సభ్యులకు చూపించడానికి చక్రవడ్డీ మీద మూడు నిమిషాల యానిమేషన్ చేస్తున్నాము. మంచుబంతి కొండ దిగుతూ పెద్దదయ్యే బొమ్మ పెట్టాము. చూసినవాళ్లు బొమ్మ బాగుందన్నారు గానీ లెక్క ఎవరికీ ఎక్కలేదు. ఏ పోలిక వాడాలి, స్క్రిప్టు ఎలా రాసుకోవాలి?

సమాధానం:

మన జిల్లాల్లో మంచు ఎవరూ చూడలేదన్నది చిన్న ఇబ్బంది మాత్రమే. మంచుబంతిలో అసలు లోపం ఏమిటంటే, అది పైనుంచి లోపలిదాకా ఒకే తెలుపు. అందులో ఎంత మొదటి నుంచి ఉన్నది, ఎంత తర్వాత అంటుకున్నది, ఎంత ఆ అంటుకున్న దానివల్ల అంటుకున్నది అన్నది కంటితో విడదీయలేము. చక్రవడ్డీలో తెలియవలసింది డబ్బు పెరుగుతుందన్న సంగతి కాదు, ఎందుకంటే బారు వడ్డీలోనూ డబ్బు పెరుగుతుంది. వడ్డీకి పుట్టిన వడ్డీని వేరుగా, వేలు పెట్టి చూపగలిగేలా గీయడమే మీ వీడియో చేయవలసిన పని. చదరంగం గళ్లలో గింజలు రెట్టింపయ్యే కథకు కూడా ఇదే కారణంతో నేను దూరంగా ఉంటాను. అక్కడ ప్రతి గడికీ రెట్టింపే కాబట్టి చూసేవాడు నోరు తెరిచి ఆశ్చర్యపోతాడు, కానీ తన పాసుబుక్కులో అలాంటిదేమీ జరగడం లేదు గనుక ఇంటికి వెళ్లి మరచిపోతాడు.

నేను వాడేది గొర్రెల మంద. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు మందను దగ్గరగా చూడని మనిషి ఉండడు కాబట్టి దాన్ని పరిచయం చేయడానికి ఒక్క సెకను కూడా ఖర్చు కాదు. అంతకంటే ముఖ్యమైనది, బారు వడ్డీకీ చక్రవడ్డీకీ ఉన్న తేడా మందలో పుట్టుకతోనే ఉంది. వచ్చిన పిల్లలన్నీ పొట్టేళ్లయితే మంద లెక్క పెరుగుతుంది గానీ ఆ పొట్టేళ్లు ఈనవు. మళ్లీ ఈనవలసింది మొదటి గొర్రెలే. అది బారు వడ్డీ. వచ్చినవి ఆడ పిల్లలై, పెరిగి, తల్లులతో కలిసి అవి కూడా ఈనడం మొదలుపెడితే అది చక్రవడ్డీ. ఈ రెండు వాక్యాలు చెప్పగానే సంఘం సమావేశాల్లో వెనక వరుసలో కూర్చున్నవాళ్లు కూడా తల ఊపడం నేను చాలాసార్లు చూశాను.

దీనిలో నేను మొదట చేసిన తప్పు చెబుతాను, మీరు అదే గోతిలో పడకుండా ఉంటారు. లెక్క సులువుగా ఉండాలని నూరు గొర్రెలు, ఏడాదికి నూటికి పది అని తీసుకుని, "నూరు గొర్రెలకు పది పిల్లలు పుట్టాయి" అని రాశాను. కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో ఆ ముక్క రాగానే ఒక పెద్దామె లేచి, "నూటికి పదేనా? మందకేమన్నా రోగమొచ్చిందా నాయనా?" అని అడిగింది. అందరూ నవ్వారు, ఆ తర్వాత వీడియో ఎవరూ వినలేదు. బాగున్న మందలో నూరు గొర్రెలకు పుట్టే పిల్లలు పదికి ఎన్నో రెట్లుంటాయని అక్కడ అందరికీ తెలుసు. ఇప్పుడు నేను పుట్టినవాటిని చెప్పను, మందలో నిలిచినవాటిని చెబుతాను. అమ్మినవి, చచ్చినవి, మేతకూ మందుకూ కాపరి కూలికీ పోయినవి తీసేయగా ఏడాది చివర మందలో కలిసినవి పది. అప్పుడు లెక్కా నిలుస్తుంది, గొర్రెల సంగతి తెలిసినవాళ్ల ముందు మన పరువూ నిలుస్తుంది.

యానిమేటర్‌కు ఇవ్వవలసిన మొదటి సూచన రంగులది. కాపరులు తమ గొర్రెలను గుర్తుపట్టడానికి వీపు మీదో మెడ మీదో రంగు పూస్తారు కదా, ఆ అలవాటునే వాడుకోవచ్చు. మొదటి నూరు గొర్రెలకు ఏ గుర్తూ వద్దు, అవి అసలు. ఆ నూటికి పుట్టిన పిల్లలకు వీపు మీద ఎర్ర గుర్తు, అది అసలు మీద వడ్డీ. ఎర్ర గుర్తు ఉన్నవాటికి పుట్టిన పిల్లలకు నీలి గుర్తు, అది వడ్డీ మీద వడ్డీ. నీలివాటికి పుట్టినవి కూడా నీలివే. మనవలను ఒక రంగుతో, మునిమనవలను మరో రంగుతో వేరు చేయబోతే తెర మీద రంగుల గందరగోళం తప్ప ఏమీ మిగలదు.

ఇక స్క్రిప్టు. మొత్తం మూడు నిమిషాల్లో నేను ఎక్కువ సమయం ఇచ్చేది రెండో ఏడాదికి. మొదటి ఏడాది పది సెకన్లలో అయిపోవచ్చు, రెండో ఏడాదికి మాత్రం కనీసం ఇరవై అయిదు సెకన్లు కావాలి, ఎందుకంటే చక్రవడ్డీ అంతా ఆ ఏడాది కొత్తగా వచ్చే ఒక్క పిల్లలోనే ఉంది. కథ చెప్పేది మందను మేపిన అవ్వ, అడిగేది మనవడు. వాయిస్ ఓవర్ పాఠ్యపుస్తకం భాషలో ఉంటే ఈ ప్రాంతంలో వినరు కాబట్టి సంభాషణను మన మాటలోనే రాసుకున్నాను.

బొమ్మ: ఎర్రమట్టి నేల, విశాలమైన ఖాళీ మైదానం. ఎడమ మూలలో చిన్న మంద. ఆకాశంలో ఒక వాన మబ్బు ఇటు నుంచి అటు దాటిపోతుంది. ఏడాది గడిచిందనడానికి అదే గుర్తు. (అనంతపురంలో ఏడాదికి ఒక్క మబ్బే అంటే అతిశయోక్తి అని ఎవరూ అనలేదు.)

అవ్వ: "నూరు గొర్రెలతో మొదలుపెట్టినా నాయనా. అమ్మినవీ చచ్చినవీ ఖర్చుకు పోయినవీ తీసేస్తే, ఏడు తిరిగేసరికి మందలో పది ఆడ పిల్లలు నిలిచినాయి."

బొమ్మ: పది పిల్లలు ఎర్ర గుర్తుతో మందలోకి నడిచి వస్తాయి. తెర మీద ఒకే అంకె: 110. రెండో మబ్బు దాటుతుంది.

మనవడు: "వచ్చే ఏడు ఇంకో పది. అంతే గదా అవ్వా?"

అవ్వ: "పది ఈ ముసలి నూటివి. మరి పోయినేటి పిల్లలు పెద్దవైనాయి గదా, అవి ఊరికే ఉంటాయా?"

బొమ్మ: మరో పది ఎర్ర పిల్లలు వస్తాయి. ఆ తర్వాత రెండు సెకన్లు ఏమీ జరగదు, సంగీతం కూడా ఆగుతుంది. నిరుటి ఎర్ర గుర్తు గొర్రెల్లో ఒకదాని వెనక నుంచి ఒక్క పిల్ల తడబడుతూ బయటికి వస్తుంది. దాని వీపు మీద నీలి గుర్తు. కెమెరా దాని దగ్గరికి వెళ్లి నిలుస్తుంది, అది తల ఎత్తి అరుస్తుంది. తెర మీద 120 అన్న అంకె కనిపించి, చెరిగి, 121 అవుతుంది.

అవ్వ: "ఇది నా గొర్రెకు పుట్టింది కాదు, నా గొర్రె పిల్లకు పుట్టింది. దీన్నే చక్రవడ్డీ అంటారు."

ఆ మాట వీడియోలో మొదటిసారి వినిపించవలసింది ఇక్కడే. చాలామంది మొదటి వాక్యంలోనే "చక్రవడ్డీ అనగా..." అని నిర్వచనంతో మొదలుపెడతారు, వస్తువును చూపించకుండా పేరు చెబితే అది విన్న చోటే రాలిపోతుంది. ఇంకొక సంగతి. ఎర్ర పిల్ల పుట్టిన వెంటనే ఈనదు, పెరిగి తల్లుల్లో కలవాలి. వడ్డీ కూడా అంతే, అసలులో కలిసిన రోజు నుంచే దానికి వడ్డీ పుడుతుంది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో సాధారణంగా మూడు నెలలకోసారి కలుపుతారు. ఈ తేడాను ప్రత్యేకంగా ఒక దృశ్యంలో చెప్పాలని మీకు అనిపించవచ్చు, మూడు నిమిషాల వీడియోలో దానికి చోటు లేదు. ఎవరైనా సమావేశంలో అడిగితే "పిల్ల ఎంత త్వరగా తల్లుల్లో కలిస్తే మంద అంత త్వరగా పెరుగుతుంది" అని నోటితో చెప్పండి, చాలు.

మూడో ఏడాది నుంచి ప్రతి ఏడాదికీ సరిగ్గా రెండు సెకన్లే ఇవ్వండి, ఒక మబ్బు, ఒక డప్పు దెబ్బ. ఇక్కడ యానిమేటర్లు రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది, తర్వాతి ఏళ్లను వేగంగా తోసేయడం. అలా చేస్తే మంద పెరగడానికి కారణం వడ్డీ కాదు, వీడియో వేగం అన్నట్టు కనిపిస్తుంది. రెండోది దీనికంటే ప్రమాదకరం. మంద తెరలో పట్టడం లేదని కెమెరాను వెనక్కి లాగుతారు, గొర్రెలు చిన్నవైపోతాయి, చివరికి మొదటి ఏడాది మందా పదిహేనో ఏడాది మందా తెర మీద ఒకే పరిమాణంలో కనబడతాయి. పెరుగుదల మొత్తం కెమెరా మింగేస్తుంది. అందుకే మైదానాన్ని మొదటి దృశ్యం నుంచే చివరి ఏడాదికి సరిపడేంత విశాలంగా, దాదాపు ఖాళీగా గీయమన్నాను. కెమెరా రెండో ఏటి నీలి పిల్ల దగ్గరికి ఒకసారి వెళ్లి వస్తే చాలు, మిగతా అంతా కదలకూడదు.

ఏ ఏడాదికి ఎన్ని గొర్రెలను గీయాలో కంటి అంచనాతో నిర్ణయించవద్దు. స్ప్రెడ్‌షీట్‌లో ఏడాది సంఖ్యను A2 గడిలో వేసి, మొత్తం మందకూ, అందులో నీలి గుర్తు వాటికీ ఈ రెండు సూత్రాలు వాడండి:

```
=ROUND(100*1.1^A2, 0)
=ROUND(100*1.1^A2 - 100 - 10*A2, 0)
```

మూడో ఏడు 133, నాలుగు 146, అయిదు 161, అలా ఎనిమిదో ఏటికి 214 వస్తాయి. అన్నీ పొట్టేళ్లే అయిన పక్క దొడ్డిలో అదే ఎనిమిదో ఏట 180 ఉంటాయి. నిజం చెప్పాలంటే ఈ 214కూ 180కీ తేడా తెర మీద ఎవరినీ కదిలించదు, అక్కడ వీడియో ఆపితే సగం పనే అవుతుంది. పద్నాలుగో ఏడాది దాకా పోనివ్వండి. అప్పటికి మందలో మొత్తం 380, వాటిలో గుర్తు లేనివి 100, ఎర్రవి 140, నీలివి కూడా 140. ఎర్రా నీలీ సమానమయ్యే ఏడాది అది. పదిహేనో మబ్బు దాటగానే నీలివి ఎర్రవాటిని మించిపోతాయి, అంటే అప్పటి నుంచి అసలు సంపాదించిన దానికంటే వడ్డీ సంపాదించిన వడ్డీయే ఎక్కువ. డప్పును అక్కడ ఒక్కసారి ఆపి, అవ్వ చేత ఒకే మాట అనిపించండి: "ఇప్పుడు చూడు, నీలం ఎక్కువైంది."

నూటికి పది అన్నది లెక్క సులువు కోసం తీసుకున్నదని తెర అడుగున ఒక వాక్యం తప్పక ఉంచండి. బ్యాంకు అంత ఇస్తుందని సంఘం సభ్యులు అనుకుంటే తర్వాత జవాబు చెప్పుకోవలసింది మీరే. ఏడు శాతమైతే డబ్బు రెట్టింపు కావడానికి పదేళ్లకు పైగా పడుతుంది.

వీడియో అర్థమైందో లేదో తెలుసుకోవడానికి "అర్థమైందా" అని అడగవద్దు, అందరూ అయిందనే అంటారు. రెండో ఏడాది అయ్యాక, 121 దగ్గర వీడియో ఆపి, "వచ్చే ఏడు ఎన్ని కలుస్తాయి?" అని అడగండి. "పది" అన్నవాళ్లకు నీలి పిల్ల కనబడలేదు. "పదకొండు" అన్నవాళ్లు నిరుటి లెక్కను తిరిగి చెబుతున్నారు, నీలి పిల్లను వాళ్లు ఒకసారి వచ్చిన అదృష్టం అనుకున్నారు. "పన్నెండు" అన్నవాళ్లకు విషయం పట్టుబడింది. పదకొండు ఎక్కువగా వినిపిస్తే మూడో ఏడాదిని కూడా నెమ్మది చేసి, ఎర్ర గొర్రెల గుంపు నుంచి ఈసారి రెండు నీలి పిల్లలు రావడాన్ని చూపించండి. నా స్క్రిప్టులో ఆ మార్పు రెండుసార్లు అవసరమైంది.

ఇక్కడిదాకా సుమారు వంద సెకన్లు అయింది. మిగిలిన ఎనభై సెకన్లు అప్పుకు కేటాయించండి, ఎందుకంటే మీ ప్రేక్షకుల్లో చాలామందికి చక్రవడ్డీతో నిజంగా పరిచయం పొదుపు వైపు నుంచి కాదు, ప్రోనోటు వైపు నుంచి. విచిత్రమేమిటంటే ఆ లావాదేవీలో చక్రవడ్డీ అన్న మాట ఎవరూ పలకరు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం డిమాండ్ ప్రోనోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆ గడువు ముగిసేలోగా, నోటుకు కాలం చెల్లకుండా, అప్పిచ్చినవాడు తిరగరాయిస్తాడు. తిరగరాసేటప్పుడు మూడేళ్ల వడ్డీని అసలులో కలిపి, ఆ మొత్తాన్ని కొత్తగా చేతికిచ్చినట్టు రాస్తారు. ఎర్ర పిల్లలు తల్లుల్లో కలిసిపోయే రోజు అదే.

ఈ భాగానికి నేను వాడే లెక్క పది వేల రూపాయల అప్పు, రెండు రూపాయల వడ్డీ. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం అన్నది తెర మీద ఒకసారి పడాలి, లేకపోతే మందలోని పది కంటే ఈ రెండు చిన్నదనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు.

బొమ్మ: ఒక ఇంటి అరుగు. చాప మీద కాగితం, దాని మీద రెవిన్యూ స్టాంపు. మైదానం మళ్లీ కనిపిస్తుంది, కానీ ఈసారి మంద కంచెకు అవతల, అప్పిచ్చినవాడి దొడ్డిలో ఉంది.

అవ్వ: "ఈసారి మంద మనది కాదు నాయనా. మేపేది మాత్రం మనమే."

బొమ్మ: మూడు మబ్బులు దాటుతాయి. వడ్డీ నెలకు 200 చొప్పున 7,200. పాత నోటు చింపుతారు, కొత్త నోటు మీద కలం 17,200 అని రాస్తుంది. కలం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు.

అప్పిచ్చినవాడు: "వడ్డీ ఏమీ పెంచలేదబ్బా, అదే రెండు రూపాయలు."

బొమ్మ: నెల వడ్డీ 200 అన్న అంకె 344 అవుతుంది. 344 రెండుగా చీలుతుంది: 200 మీద ఎర్ర గుర్తు, 144 మీద నీలి గుర్తు.

మొత్తం వీడియోకు ఇరుసు ఆ 144. రేటు మారలేదు, అప్పిచ్చినవాడు అబద్ధమూ చెప్పలేదు, అయినా నెలకు 144 రూపాయలు వడ్డీకి వడ్డీగా పోతోంది. ఆరేళ్లకు కట్టవలసింది 29,584 అవుతుంది. నోటు తిరగరాయకుండా అదే వడ్డీ నడిచి ఉంటే 24,400 అయ్యేది. తేడా 5,184, అంటే ముప్పై ఆరు నెలల 144లు. మూడోసారి కూడా తిరగరాస్తే తొమ్మిదో ఏటికి అప్పు 50 వేలు దాటుతుంది, కానీ ఆ అంకెను వీడియోలో పెట్టవద్దు. సంఘంలో అలాంటి నోటు ఉన్న మనిషి కూర్చుని ఉంటే, 144 దగ్గరే తన లెక్క తను వేసుకుంటుంది, పెద్ద అంకె చూస్తే భయపడి చూపు తిప్పుకుంటుంది. ఈ సంగతి నాకు రెండు సమావేశాల తర్వాత గానీ తెలియలేదు.

పనికివచ్చే ఒక దారి చూపకుండా వీడియో ఆపవద్దు. నెలనెలా ఆ 200 కట్టేస్తే వడ్డీ అసలులో కలిసే అవకాశమే ఉండదు. పిల్లను పుట్టగానే దొడ్డి దాటించినట్టు. అది కుదరనివాళ్లకు నోటు వెనక చెల్లు రాయించుకునే పద్ధతి ఉంది. గడువు ముగియకముందే ఎంతో కొంత చెల్లించి, ఆ చెల్లింపును నోటు వెనక తేదీతో రాసి, కట్టినవాళ్లు సంతకం చేస్తే, అదే చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ఆ చెల్లింపు తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది. అప్పిచ్చినవాడికి కాలం చెల్లుతుందన్న బెంగ ఉండదు, కొత్త నోటు రాయనక్కర్లేదు, అసలు పది వేలుగానే నిలుస్తుంది. అతను ఒప్పుకుంటాడా లేదా అన్నది వేరే మాట, కానీ "నోటుకు కాలం తీరిపోతుంది, తిరగరాయాల్సిందే" అన్న వాదన ఒక్కటే అయితే దానికి సమాధానం ఇది.

చివరి దృశ్యంగా నేను నోటు వెనక వైపునే చూపిస్తాను: తేదీ, "500 రూపాయలు ముట్టినవి" అన్న వాక్యం, కింద వేలిముద్ర కాదు, అవ్వ వణుకుతున్న చేత్తో పెట్టిన సంతకం. మాటలు లెక్కపెట్టుకోండి, నిమిషానికి తొంభైకి మించితే ఈ వేగంలో వినేవాళ్లు వెనకబడతారు, కాబట్టి మొత్తం స్క్రిప్టు రెండు వందల డెబ్బై మాటల్లోపు ఉండాలి. ఎక్కువైతే అప్పిచ్చినవాడి మాటలు తగ్గించండి, రెండో ఏటి నీలి పిల్ల ముందు ఉన్న ఆ రెండు సెకన్ల నిశ్శబ్దాన్ని మాత్రం తగ్గించవద్దు.